గుమ్మం దగ్గర నుంచి చూసే ఫొటో

ములకలపల్లి దాటి అడవిలోకి పోయే దారిలో ఒకప్పుడు ఏ గూడెంలో ఆగినా ఎవరో ఒకరి గోడ మీద మా అక్క కనిపించేది. ఆకుపచ్చ చీర, ఎర్ర రవిక, లావు నల్ల గీతల మధ్య పసుపు తేలిన ముఖం, చేతిలో దోమతెర. పుస్తకం అట్ట చింపి గంజితో గోడకు అంటించుకునేవాళ్ళు. ఆమె ఎవరో వాళ్ళకు తెలియదు. మలేరియా పుస్తకంలో ఉండే మనిషి, అంతే. మా ఇంట్లో మాత్రం అక్క పోయిన రోజుకు ఆమె ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ అట్ట ఎలా తయారైందో చెబితే ఇంట్లో ఫొటో ఎందుకు లేకుండా పోయిందో కూడా చెప్పినట్టే.

ఎనభైల చివరి మాట. మా బావ ఖమ్మంలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో ఆర్టిస్టు. పెళ్ళికార్డు మీద కలశం దగ్గర నుంచి పురుగుమందు డబ్బా మీద పురుగు దాకా ఏదైనా గీస్తాడు. నేను డిగ్రీ తప్పి అక్క ఇంట్లో కూర్చుని, అక్క వండింది తింటూ, అక్క మీదే విసుక్కుంటూ రోజులు గడిపేదాన్ని. ఒకరోజు అక్క గరిటె పక్కన పెట్టి, "తిన్నది అరిగేటందుకన్న పని చెయ్యాలె పిల్లా" అని నన్ను బావ వెంట ప్రెస్సుకు తోలింది. అక్కడ నాకు ఒక అద్దాల బల్ల చూపించారు. కింద లైటు వెలుగుతుంటుంది, పైన ఫిల్ము పరుచుకుని పని చేయాలి. సన్న కుంచె, పదునైన కత్తి, ఓపేక్ అని చిన్న సీసాలో ఎర్రమట్టి లాంటి రంగు. నా ఉద్యోగం అదే.

అడవి ఊళ్ళల్లో జ్వరాల మీద పనిచేసే సంస్థ వాళ్ళు ఒకరోజు ప్రెస్సుకు వచ్చారు. మలేరియా గురించి బొమ్మల కథ పుస్తకం కావాలన్నారు. పిల్లలు చదివే కామిక్ పుస్తకం లాగా ఉండాలి, కానీ అందులో మనుషులు మాత్రం ఇక్కడి మనుషుల్లాగే ఉండాలి. అంతకుముందు ఎక్కడో గీయించిన పుస్తకం చూపిస్తే ఊళ్ళో ఆడవాళ్ళు, "గిదెవరి పెండ్లి పుస్తకం?" అని అడిగారట. అందుకని బావ ఒక ఉపాయం చెప్పాడు. ముందు నిజం మనుషుల్ని ఫొటోలు తీద్దాం, ఆ ఫొటోల్నే కామిక్ బొమ్మలుగా మారుద్దాం అన్నాడు.

కథలో ఊరి ఆడవాళ్ళకు మంచి చెడు చెప్పే మనిషి ఒకతి కావాలి. కెమెరా ముందు నిలబడడానికి ఎవరూ ఒప్పుకోలేదు. బావ ఇంటికి వచ్చి అక్క వంక అదే పనిగా చూశాడు. అక్కకు అర్థమైపోయింది.

"నా మొఖానికి పుస్తకమొక్కటి తక్కువైందా?" అంది.

"నీ మొఖానికి ఏం తక్కువ?" అన్నాడు బావ.

అక్క నవ్వింది. నవ్వితే ఆమె ఎడమ కన్ను కొంచెం చిన్నదయ్యేది. చిన్నప్పుడు ఎద్దు తోక విసిరితే ఆ కంటికి తగిలిందట, అప్పటి నుంచి అంతే అని అమ్మ చెప్పేది. నిజమో కాదో గానీ, ఆ కన్ను చిన్నదైందంటే ఆ నవ్వు నిజమని మా ఇంట్లో లెక్క. ఊరికే మర్యాదకు నవ్వితే రెండు కళ్ళూ సమానంగానే ఉండేవి.

ఫొటోలు భద్రాచలం దగ్గర మా అమ్మగారి ఊళ్ళో తీశారు. ఖమ్మంలో స్టూడియో పెట్టుకున్న ఒక సాయిబు, మేమంతా భాయ్ అని పిలిచేవాళ్ళం, కెమెరా భుజాన వేసుకుని మా వెంట బస్సులో వచ్చాడు. అమ్మకు అప్పటికే రెండు కళ్ళల్లో శుక్లాలు ముదురుతున్నాయి. మనిషిని నీడలా పోల్చుకునేది, గొంతును బట్టి పిలిచేది. పెరట్లో అక్క దోమతెర పట్టుకుని నిలబడి ఎవరూ లేని గాలికి మంచి మాటలు చెబుతుంటే అమ్మ గుంజకు ఆనుకుని, "ఏందే, ఎవలతోని మాట్లాడుతున్నవ్? గాలి గిట్ల సోకిందా?" అంది. ఆ మాటకు అక్క నవ్వింది. భాయ్ సరిగ్గా అప్పుడే బటన్ నొక్కాడు. అదే అట్ట ఫొటో అయింది.

ఇక ఆ ఫొటో కామిక్ బొమ్మ ఎలా అయిందో చెప్పాలి. ఇప్పటి పిల్లలు ఏదో మీట నొక్కితే అయిపోతుందనుకుంటారు. మాకు ఒక్కో పేజీకి నడుములు విరిగేవి.

పుస్తకంలో బొమ్మ ఎంత సైజుంటుందో అంత సైజుకే భాయ్ ఫొటోలు వేసి ఇచ్చాడు. వాటికి నాలుగు మూలలా సన్నటి కూడిక గుర్తులు గీసుకోవాలి. తర్వాత చేసే ప్రతి ఫిల్ము మీదా ఆ గుర్తులు ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి, లేకపోతే రంగు ఒక చోట, మనిషి ఒక చోట ఉంటారు. మొదట ఆ ఫొటోను ప్రెస్సులో ఉండే పెద్ద ప్రాసెస్ కెమెరాలో, స్క్రీన్ అనే గళ్ళ తెర అడ్డం పెట్టి ఫిల్ముకు ఎక్కిస్తారు. ప్రెస్సు ఇంకుకు లేత నలుపు, ముదురు నలుపు అని ఉండవు. పడితే నలుపు, పడకపోతే తెలుపు. అందుకని స్క్రీన్ ఆ ఫొటోను చుక్కలుగా విడగొడుతుంది. నీడ ఉన్న చోట పెద్ద చుక్కలు, వెలుగు ఉన్న చోట చిన్న చుక్కలు. మామూలు పుస్తకానికైతే చుక్కలు కంటికి ఆనకుండా సన్న స్క్రీన్ పెడతారు. కామిక్ లాగా కనిపించాలని బావ కావాలనే ముతక స్క్రీన్ పెట్టించాడు.

ఆ తర్వాతి పని బావది. అదే ఫొటో మీద, నీళ్ళకు కరగని నల్ల ఇంకుతో, ముఖం అంచు, ముక్కు, కళ్ళు, పెదవి, కొంగు మడతలు, అన్నీ లావుగా గీస్తాడు. గీత ఎందుకంత లావంటే మా మిషను ఒక్కసారి ఒక్క రంగే వేసేది. పసుపు, ఎరుపు, నీలం, చివరకు నలుపు. కాగితం నాలుగుసార్లు లోపలికి పోయి వచ్చేసరికి వెంట్రుకవాసి జరగకుండా ఉండదు. గీత లావుగా ఉంటే జరిగిన రంగు దాని కింద దాక్కుంటుంది. గీయడం అయిపోయి ఇంకు ఆరాక ఆ ఫొటోను అయోడిన్ నీళ్ళల్లో వేస్తాడు. కాగితం కమిలిపోయి నీలంగా, గోధుమరంగుగా అవుతుంది. తీసి హైపో అని ఫొటోలు కడిగే మందునీళ్ళల్లో వేస్తే అదంతా విరిగిపోయి కాగితం తెల్లగా తేలుతుంది. ఫొటో మాయమైపోతుంది. ఇంకు గీతలు మాత్రం మిగులుతాయి. ట్రేసింగ్ కాగితం పెట్టి దిద్దడం కన్నా ఇది జల్దీ అయ్యే పని, పోలిక కూడా తప్పదు.

అక్క ముఖం అలా హైపోలో పోతుండగా నేను పక్కనే ఉన్నాను. ముందు బుగ్గలు పోయాయి, తర్వాత జుట్టు పోయింది. "పాపం పోరి కొట్టుకపోయింది" అని నేను నవ్వాను, బావ కూడా నవ్వాడు. సాయంత్రం ఇంటికి పోయి అక్కకు చెబితే ఆమె అన్నం వడ్డిస్తూ, "పోతె పోనియ్, గిన్నె ఇటియ్" అంది.

నా పని చివర. రంగుకొక ఎర్ర పొర ఫిల్ము తీసుకుని, గీతల మీద పరిచి, ఆ రంగు పడాల్సిన చోట కత్తితో గీరి పొర లేపేయాలి. చీరంతా ఒకటే ఆకుపచ్చ, మడత లేదు, ముడత లేదు. రవికంతా ఒకటే ఎరుపు. ముఖానికి పసుపు పలచగా, దాని మీద ఎర్ర చుక్కలు. మనిషి ముఖంలో ఎన్ని ఛాయలుంటాయో చూసేవాళ్ళకు తెలుస్తుంది గానీ మాకు అన్ని అక్కర్లేదు. బావ చుక్కల ఫిల్ము నాకిచ్చి, "చెంప ఒక పక్క, గదువ కింద, మెడ మీద చుక్కలు ఉంచు. మిగిలిందంత మూసెయ్" అన్నాడు. అంటే ఆ ఫిల్ములో అక్క నుదురు, కళ్ళు, నోరు, అన్నింటి మీదా ఓపేక్ పూసేయాలి. పూసిన చోట వెలుగు దూరదు, చుక్క అచ్చు కాదు. నేను పూశాను. బావ గీసిన గీతల్లో అక్కకు రెండు కళ్ళూ సమానంగా ఉన్నాయి. అదేమిటని అడిగితే, "లావు గీతల ఒక కన్ను చిన్నగుంటే మెల్లకన్ననుకుంటరు" అన్నాడు. అదీ నిజమే.

పుస్తకం అచ్చయింది. అందరూ బాగుందన్నారు. అక్క ఒక పుస్తకం తీసుకుని చేయి చాచి దూరంగా పట్టుకుని చూసి, "మంచిగనే ఉన్నది గని, గామె ఎప్పుడు ఏడ్వదు కావచ్చు" అంది. అమ్మకు చూపిస్తే అమ్మ పుస్తకాన్ని ముక్కు దాకా తీసుకుపోయి, ఆకుపచ్చ, ఎరుపు పోల్చుకుని, "ఏదో బొమ్మ" అని తిరిగి ఇచ్చేసింది.

మరుసటేడు నాట్ల కాలంలో అక్క అమ్మకు సాయంగా ఊరికి పోయింది. వానలు పట్టాయి. అక్కకు జ్వరం వచ్చింది. ఊళ్ళో సూదులేసే డాక్టరు టైఫాయిడ్ అన్నాడు, మరో రెండు సూదులేశాడు. రక్తం తీసి చూపించాలని అక్కే పుస్తకంలో పదిమందికి చెప్పింది. ఆ మాట ఆమెకు గుర్తు రాలేదో, వానలో వాగు దాటి దవాఖానాకు పోవడం ఎందుకనుకుందో, నాకు ఇప్పటికీ తెలియదు. ఖమ్మం తీసుకొచ్చేసరికి మనుషుల్ని గుర్తుపట్టడం మానేసింది. మలేరియా మెదడుకెక్కింది అన్నారు. బావ మంచం పక్కన కూర్చుని ఆమె చేతిని పట్టుకుని పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు. తెల్లవారి అక్క పోయింది. ఇంతకన్నా చెప్పలేను. ఆ పుస్తకం రాసినవాళ్ళ మీద, అచ్చేసినవాళ్ళ మీద, నా మీద, అక్క మీద కూడా నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంతోనే కొన్నాళ్ళు బతికాను.

దహనం అమ్మగారి ఊళ్ళోనే జరిగింది. ఆ రాత్రి నుంచి అమ్మ ఒకటే మాట పట్టుకుంది. "దినాల నాటికి నా బిడ్డ ఫొటో ఉండాలె. దండ వెయ్యాలె. ముత్తైదువ చావు, నుదుట బొట్టు పెట్టాలె." చనిపోయిన రోజు అమ్మ చూద్దామని శవం మీదకు వంగితే ఎవరో వెనక్కి లాగారట. సరిగ్గా చూడలేదు. చూసినా ఆ కళ్ళకు ఏం కనిపించేది? అందుకే ఫొటో కావాలి. పెద్దగా ఉండాలి, తనకు ఆనేటట్టు ఉండాలి.

పెళ్ళి ఫొటోలు అంతకు కొన్నేళ్ళ ముందు గోదావరి నీళ్ళు అమ్మ ఇంట్లోకి వచ్చినప్పుడు ఆల్బంతో సహా ముద్దయిపోయాయి. పేజీలు విడదీయబోతే ముఖాలు ఎదుటి పేజీకి అంటుకుని ఊడొచ్చాయి. తర్వాత తీయించిన ఫొటోలంటే పుస్తకం కోసం తీసినవే. వాటన్నింటినీ బావే అయోడిన్ నీళ్ళల్లో కడిగేశాడు.

నెగటివ్‌లు ఉంటాయి కదా అని నేను, బావ భాయ్ దగ్గరికి పరుగెత్తాం. భాయ్ అక్క సంగతి విని కుర్చీలో కూలబడ్డాడు. లోపలికి పోయి డబ్బాలన్నీ కింద గుమ్మరించి వెతికాడు. చివరకు తల పట్టుకుని బయటికి వచ్చాడు.

"బేటీ, పాత ఫిల్ములన్ని వెండి తీసెటోళ్ళు కొంటరు గద. మొన్న రంజాన్‌కు ముందు దుకాణం సాఫ్ చేసిన. అండ్లనే పోయినయ్."

ఫిల్ములో వెండి ఉంటుందని, దాన్ని కాల్చి తీస్తారని మాకూ తెలుసు. ప్రెస్సులో మేమూ అమ్ముతాం. భాయ్‌ని ఏమనగలం? ఆయన మా వెంట రోడ్డు దాకా వచ్చి, "నా చేతులు ఇరగ" అని తిట్టుకుంటూ నిలబడిపోయాడు.

బావ ఇంటికి వచ్చి కాగితాలు ముందేసుకున్నాడు. పెళ్ళాం ముఖం గీయలేనా అనుకున్నాడు పాపం. పెన్సిలుతో మొదలుపెడతాడు, నాలుగు గీతలు పడగానే పుస్తకంలో ఆవిడ ప్రత్యక్షమవుతుంది. అదే లావు గీత, అవే సమానమైన కళ్ళు. చింపేస్తాడు. మళ్ళీ గీస్తాడు, మళ్ళీ ఆవిడే. ఒక్క పుస్తకం కోసం ఆ ముఖాన్ని అన్నిసార్లు గీశాడు, చేయి ఇంకో దారి మరిచిపోయింది.

"కండ్లు మూస్తె గూడ గా బొమ్మనే వస్తున్నది" అన్నాడు నాతో. "నీ అక్క మొఖం నాకు యాదికి వస్తలేదు. ఆమె ఎట్లుండె? నువ్వన్న చెప్పు."

ఆయన మీద కూడా కోపం వచ్చింది, జాలి దాని కన్నా ఎక్కువ వచ్చింది. ఆ కాగితాల ముక్కలు ఊడ్చి ఎత్తుతుంటే, వాటిలో చెంప కింద చుక్కలు పెట్టిన ముక్క ఒకటి చేతికి వచ్చింది. చుక్కల ఫిల్ము! గీతలు గీయకముందు, ఫొటోను కడగకముందు, అదే ఫొటో నుంచి తీసిన ఫిల్ము. అందులో అక్క ఉంది. నేను పూసిన రంగు కింద ఉంది.

"బావా, ఓపేక్ నీళ్ళకు పోతది గద!" అన్నాను.

బావ లేచి నిలబడ్డాడు. అంగీ బొత్తాలు పెట్టుకోకుండానే బయటికి నడిచాడు.

ప్రెస్సులో పాత ఫిల్ములు కూడా వెండి వాళ్ళకే పోతాయి. కానీ పుస్తకం ఇంకోసారి వేయిస్తామని సంస్థ వాళ్ళు అన్నారు కాబట్టి వాటిని కవర్లో పెట్టి బీరువా మీద ఉంచారు. అట్ట ఫిల్ము ఉంది. బల్ల మీద లైటు వేసి పరిచాం. చెంప ఒక పక్క, గడ్డం కింద, మెడ, అంతే. మిగిలిన ముఖమంతా ఎర్రమట్టి పూత. నేను ఎప్పుడూ ఫిల్ము మెరుపు వైపే పూసేదాన్ని. బొమ్మ పట్టే మందు ఉండే రెండో వైపు పూస్తే కడిగేటప్పుడు గీతలు పడతాయని బావే నేర్పాడు. దూది తడిపి నుదుటి మీద మెల్లగా ఆనించాను. పూత కరిగి దూదికి అంటింది. కింద సూదిమొనల్లాంటి వెలుతురు చుక్కలు బయటపడ్డాయి. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి దూది బావకు అందించాను. "నువ్వు చెయ్యి బావా" అన్నాను. "నాతోని కాదు" అన్నాడు. నేనే తుడిచాను. కుడి కన్ను వచ్చింది. ఎడమ కన్ను వచ్చింది, చిన్నగా. నెగటివ్ కాబట్టి తెల్లనివి నల్లగా, నల్లనివి తెల్లగా ఉన్నా, ఆ కన్ను చిన్నదని పోల్చుకోవచ్చు. ఇద్దరం ఆ వెలుగుతున్న బల్ల మీద తలలు పెట్టుకుని ఏడ్చాం.

దాన్ని భాయ్ దగ్గరికి తీసుకుపోతే పెద్దది చేసి కాగితానికి ఎక్కించాడు. ఫొటో వచ్చింది, కానీ ముతక స్క్రీన్ కదా, పెద్దది చేసేసరికి చుక్క ఒక్కొక్కటి ఆవగింజంత అయింది. దగ్గరికి పోతే ముఖం ఉండదు, చుక్కలే. భాయ్ లెన్సు కొంచెం తప్పించి మసక చేసి ఇంకొకటి వేశాడు. చుక్కలు కలిసిపోయాయి గానీ, వాటితోపాటు కళ్ళు, పెదవులు కూడా కరిగిపోయాయి. ఆ చిన్న కన్ను పోయింది. బావ వద్దన్నాడు. చుక్కలతోనే ఫ్రేము కట్టించాం.

దినాల నాడు ఊళ్ళో ముందు గదిలో గోడకు ఆ ఫొటో పెట్టి దండ వేశాం. వచ్చిన చుట్టాలు దగ్గరికి పోయి చూసి వెనక్కి తగ్గి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా మేనత్త ఆగలేక, "ఇదేం ఫొటోనే, మొఖం నిండ అమ్మవారు పోసినట్టున్నది" అని గొణిగింది. నేను కోపంతో లేచాను. ఏదో అనబోయేంతలో అమ్మ వంటింట్లోంచి గోడ పట్టుకుని వచ్చింది. గుమ్మంలో ఆగింది. తల ఎత్తింది.

"అగో, నవ్వుతున్నది" అంది అమ్మ. "ఎడమ కన్ను చిన్నగ చేసుకొని నవ్వుతున్నది నా బిడ్డ."

తడుముకుంటూ దగ్గరికి పోయింది. ముఖం ఆనించేంత దగ్గరికి పోయింది. అయినా ఆమెకు చుక్క ఒక్కటీ కనిపించలేదు. శుక్లాల మసకలో చుక్కలన్నీ కలిసిపోయి అమ్మకు మాత్రం నిండు ముఖం కనిపించింది. "మంచిగ తీసిండు ఫొటో" అని భాయ్‌ని దీవించింది. వేలితో కుంకుమ తీసి అద్దం మీద నుదుట బొట్టు పెట్టింది. సరిగ్గా కనుబొమల మధ్య పడింది. మంచి కళ్ళున్న మేమెవ్వరం దగ్గర నుంచి ఆ చోటును అంత సూటిగా పట్టలేకపోయేవాళ్ళం. బావ గోడకు ఆనుకుని, ఆర్టిస్టులు బొమ్మను చూసినట్టు కళ్ళు సగం మూసుకుని, అక్కను చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత బావ ఎక్కువ కాలం ఖమ్మంలో ఉండలేదు. నన్ను ఆయనకిచ్చి చేయాలని చుట్టాలు గొడవ పెట్టారు. మా వైపు అది మామూలే. బావ చేతులు జోడించాడు, నేను నోరు పెట్టుకుని అరిచాను, ఇద్దరి పద్ధతులూ పనిచేశాయి. ఆయన విజయవాడ ప్రెస్సుకు పోయాడు. అమ్మ ఊరు విడిచి నా దగ్గరికి వచ్చేసింది, ఫొటోను చీరలో చుట్టుకుని వచ్చింది. నా అద్దె ఇంట్లో అది లోపలి గది గోడకు ఎక్కింది. ప్రతి శుక్రవారం స్నానం చేసి, తడి జుట్టుతోనే పోయి, పాత బొట్టు తుడిచి కొత్త బొట్టు పెట్టేది. ముక్కు ఆనేంత దగ్గర నిలబడి బిడ్డతో మాట్లాడేది. కూరగాయల ధర, నా మొండితనం, బావ సంగతి, అన్నీ చెప్పేది. నా మీద చాడీలు కూడా అక్కడే. "దీనికి చెప్పు, జర నోరు తగ్గించుకొమ్మని" అనేది.

ఏళ్ళు గడిచేసరికి శుక్లాలు బాగా ముదిరాయి. అమ్మ గడపలు తట్టుకుని పడడం మొదలైంది. ఖమ్మంలో కంటి క్యాంపు పెట్టారు, ఆపరేషన్ చేయిద్దామన్నాను. అమ్మ ససేమిరా అంది.

"చూడాల్సినయి చూసిన. ఇంక చూసేదేమున్నది?"

"నేనున్న గద, నన్ను చూడు."

"నిన్నేం చూస్తనే, రోజు ఇంటున్న సాలదా?"

నేను ఊరుకోలేదు. పొయ్యి మీద పడితే నా గతేమిటని తిట్టి, బతిమాలి, చివరకు రిక్షా ఎక్కించాను. ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పారు, కొన్ని వారాలకు సీసా అడుగంత మందం అద్దాలు ఇచ్చారు. దవాఖానా మెట్ల మీద అద్దాలు పెట్టుకుని అమ్మ చిన్నపిల్లలా సంబరపడింది. రిక్షా చక్రం కమ్మీలు చూసింది, నా ముఖం చూసింది. "ఏందే, జుట్టు నెరిసింది?" అని నా తల నిమిరింది. దారంతా బోర్డుల మీద రంగులు చెప్పుకుంటూ వచ్చింది. నాకు ఆ రోజు ఎంత ఆనందమైందో మాటల్లో పెట్టలేను. అమ్మకు కళ్ళు తెప్పించినందుకు ఇప్పటికీ నేను బాధపడను, పడితే అది మూర్ఖత్వం.

ఇల్లు చేరగానే అమ్మ చెప్పులు కూడా విప్పకుండా లోపలి గదికి పోయింది. "బిడ్డా, కండ్లొచ్చినయే, చూడు" అంటూ పోయింది. ఎప్పటిలాగే ముఖం ఆనించేంత దగ్గరికి పోయింది. నేను వంటింట్లో మంచినీళ్ళు ముంచుతున్నాను. లోపల మాట ఆగిపోయింది. చెంబు పట్టుకునే వచ్చి చూశాను. అమ్మ ఫొటో మీద వేళ్ళతో రాస్తోంది. అద్దం తుడుస్తోంది. కొంగుతో మళ్ళీ తుడుస్తోంది.

"ఏది? యాడికి పోయింది? ఇవన్ని ఏంది, సుక్కలు సుక్కలు? నా బిడ్డ ఏది? ఫొటో మార్చిండ్రా?"

"అదేనమ్మా. మొదట్నుంచి అదే."

"అది కాదు. నా బిడ్డ నవ్వుతుండె. ఇందుల ఎవ్వరు లేరు."

నేను చెంబు కింద పెట్టి అమ్మ భుజాలు పట్టుకున్నాను. "వెనక్కి రా" అన్నాను. అమ్మ రానంది. బలవంతంగా ఒక్కో అడుగు వెనక్కి నడిపించాను. మంచం దాటాం, ట్రంకు పెట్టె దాటాం. వీపు గుమ్మానికి తగిలేదాకా వెనక్కి వచ్చాం. అక్కడ నిలబెట్టి, "ఇప్పుడు చూడు" అన్నాను.

అమ్మ చూసింది. చుక్కలన్నీ కూడుకుని అక్క అయ్యాయి. ఎడమ కన్ను చిన్నది చేసుకుని నవ్వుతోంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. చాలాసేపటికి ఒక అడుగు ముందుకు వేసింది. ఇంకో అడుగు వేసింది. మంచం దాకా పోయి, టక్కున ఆగి, మళ్ళీ వెనక్కి వచ్చి గుమ్మం పట్టుకుంది.

ఆ తర్వాత అమ్మ లోపలి గదిలో పడుకోవడం మానేసింది. చాప గుమ్మం దగ్గర వేసుకునేది. కబుర్లన్నీ అక్కడి నుంచే, కొంచెం గొంతు పెంచి చెప్పేది. దూరాన ఉన్న మనిషికి చెప్పినట్టుండేది.

మొదటి శుక్రవారం తలస్నానం చేసి, కుంకుమ భరిణె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నువ్వు పెట్టు" అంది.

"నువ్వే పెట్టమ్మా, అద్దాలున్నయి గద, మంచిగ కనపడతది."

అమ్మ తల అడ్డంగా ఊపింది.

"నేను దగ్గరికి పోతె అది పోతదే. నువ్వు పో. నేను ఈడ నిలబడి చూస్తుంట, పోకుంట."

నేను పోయి ఫొటో ముందు నిలబడ్డాను. నాకు చుక్కలు తప్ప ఏమీ కనిపించలేదు. అమ్మ గుమ్మంలోంచి చెబుతోంది, జర పైకి, ఇటు, ఇంక కొంచెం ఇటు, ఆఁ, ఆడ పెట్టు అని. ఆమె చెప్పిన చోట బొట్టు పెట్టాను.